ఒకే ‘ఐగో’లో ఏడుపూ ఆనందమూ

కొరియన్ డ్రామా ఏదైనా ఒక ఎపిసోడ్ పెట్టుకుని, తెర వైపు చూడకుండా చెవులు మాత్రం అప్పగించి కూర్చోండి. భాష ఒక్క ముక్క తెలియకపోయినా అరగంటలో ఒక మాట పట్టుబడుతుంది. నేల మీద కూర్చున్న అవ్వ లేస్తూ ‘ఐగో’ అంటుంది. కొడుకు చదువు ఖర్చు విని తల్లి ‘ఐగో’ అంటుంది. చాలాకాలానికి కనబడ్డ మనిషిని చూసి కొట్టు యజమాని ‘ఐగో’ అంటాడు. ఎవరో పోతే, శవపేటిక దగ్గర కూలబడి కొడుకు అనేదీ అదే మాట. కింద సబ్‌టైటిల్‌లో మాత్రం ఒకసారి ‘అయ్యో’ అని ఉంటుంది, ఒకసారి ‘దేవుడా’ అని ఉంటుంది, చాలాసార్లు అసలేమీ ఉండదు. కథ నడవడానికి అవసరం లేదని అనువాదకులు వదిలేసే మాట ఇది. కానీ ఆ మనిషి మనసు ఆ క్షణాన ఎలా ఉందో చెప్పేది అదే. దానితోపాటు కుర్రకారు నోట వినపడే ‘దేబాక్’, ‘హొల్’ కూడా తెలిస్తే సబ్‌టైటిల్ ఇవ్వని సంగతి చాలా అందుతుంది.

ముందు పలుకుబడి సంగతి. అభిమానులు ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకునే పద్ధతి వల్ల మన దగ్గర ఇది ‘ఐగూ’గా చెలామణి అవుతోంది. కొరియన్ లిపిలో దీన్ని ఆ-ఇ-గో అని మూడు అక్షరాలుగా రాస్తారు. నిఘంటువులో ఉండే రూపం ‘ఐగో’. సియోల్ జనం మామూలు మాటల్లో చివరి ‘ఓ’ను ‘ఊ’ వైపు జరిపి పలకడం అలవాటు కాబట్టి నోట్లో అది ‘ఐగూ’ అవుతుంది. రెండూ ఒకటే.

దీని పక్కన ఇంకో రూపం ఉంది, దాన్ని విడిగా గుర్తుపట్టాలి. అది ‘ఒయిగు’. కొరియన్ భాషలో అచ్చులు రెండు జట్లుగా ఉంటాయి. ఆ, ఓ లాంటివి వెలుతురు అచ్చులు. అ-కీ ఒ-కీ మధ్యన పలికే అచ్చూ, ఊ లాంటివీ చీకటి అచ్చులు. శబ్దాన్ని, కదలికను అనుకరించే మాటల్లో అచ్చు మారిస్తే అర్థం అలాగే ఉండి బరువు మారిపోతుంది. చిన్నగా తళుక్కుమంటే ‘బాంజాక్’, పెద్దగా మెరిస్తే ‘బొంజొక్’. అదే సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. ‘ఐగో’ తేలిక, ‘ఒయిగు’ బరువు. అవ్వ మనవడిని ఎత్తుకుంటే వెలుతురు అచ్చులతో ‘ఐగో’ అంటుంది. అదే మనవడు తాగి తూలుతూ తెల్లారగట్ల ఇంటికొస్తే తల్లి ‘ఒయిగు, బాగుంది నాయనా, చాలా బాగుంది’ అంటుంది. ఆ ‘ఒయిగు’లో ఎత్తిపొడుపు ఉంది, విసుగు ఉంది, లోపల ఎక్కడో బెంగ కూడా ఉంది.

కొరియా జాతీయ భాషా సంస్థ 1999లో వెలువరించిన ప్రామాణిక నిఘంటువు ‘ఐగో’కు ఇచ్చిన అర్థాలు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. నొప్పి, అలసట, ఉలికిపాటు, ఉక్రోషం, నోరు పెగలని స్థితి ఒక వరసలో ఉంటాయి. ఆ వెంటనే సంతోషం, ఆత్మీయుల్ని చూసిన ఆనందం ఉంటాయి. తర్వాత నిరాశ, నిట్టూర్పు. చివరగా ఏడుపు చప్పుడు, ముఖ్యంగా చావు ఇంట్లో శోకం. ఒక్క మాటకు ఇన్ని ఎదురుబొదురు అర్థాలు ఎలా కుదిరాయని నాకు చాలాకాలం అనిపించేది. డ్రామాలు చూడగా చూడగా ఒకటి తోచింది. ఈ సందర్భాలన్నిటిలోనూ మనిషి మీదికి తను మోయగలిగినదానికన్నా ఎక్కువ ఏదో వచ్చి పడుతుంది. అది నడుం నొప్పి కావచ్చు, అప్పు కావచ్చు, పట్టరాని సంతోషం కావచ్చు. ఆ బరువుకు ఊపిరి బయటికొచ్చే చప్పుడే ‘ఐగో’. ఆ బరువు ఏమిటన్నది ఆ మాటలో ఉండదు. దాని వెనక వచ్చే మాటలో, గొంతులో, ఎదుటి మనిషిలో ఉంటుంది.

వెనక వచ్చే మాట గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కొద్దిపాటి కొరియన్‌తోనే ఇక్కడ చాలా పట్టుకోవచ్చు. ‘ఐగో హొరియా’ అంటే ‘అయ్యో నా నడుమో’ అన్నట్టు. హొరి అంటే నడుము, చివరన ‘యా’ చేర్చి ఆ నడుమునే పిలిచినట్టుగా అంటారు. ‘ఐగో మొరియా’లో మొరి అంటే తల. నిజంగా తలనొప్పి ఉంటేనే అనరు. కొడుకు కొత్తగా పెట్టిన వ్యాపారం కథ విన్న తండ్రి కూడా నుదురు పట్టుకుని ఇదే అంటాడు. ‘ఐగో పేయా’లో పే అంటే కడుపు. కడుపునొప్పితో మెలికలు తిరిగేవాడూ, పడీపడీ నవ్వేవాడూ ఇద్దరూ అంటారు.

వీటిలో అమ్మల సొత్తు అనదగ్గది ‘ఐగో నే పల్జాయా’. పల్జా అంటే ఎనిమిది అక్షరాలు. పుట్టిన ఏడు, నెల, రోజు, గడియ, ఒక్కోదానికి రెండేసి చీనా అక్షరాల చొప్పున మొత్తం ఎనిమిది. మనిషి రాత ఆ ఎనిమిదింట్లోనే ఉందని తూర్పు ఆసియా జాతక శాస్త్రం నమ్మకం. మన తల్లులు ‘నా ఖర్మ’, ‘నా తలరాత’ అన్నచోట కొరియన్ తల్లి తన ఎనిమిది అక్షరాలను తిట్టుకుంటుంది. డ్రామాలో ఈ మాట వచ్చేటప్పుడు చెయ్యి కూడా ఊరుకోదు. నేల మీద చతికిలబడి నేలనో, తొడనో, గుండెనో కొట్టుకోవడం ఉంటుంది. ఆ దెబ్బలకూ మాటకూ ఒకే లయ ఉంటుంది. కోపం కొడుకు మీదే అయినా మాట మాత్రం రాత మీదికి పోతుంది. కొడుకును నేరుగా శపించకుండా తప్పించుకునే దారి అది. అందుకే ఇలాంటి సన్నివేశం చివర్లో తల్లి అన్నం పెట్టడం కూడా చూస్తుంటాం.

ముద్దు చేసే ‘ఐగో’ దీనికి పూర్తిగా ఎదురు. పల్లెటూరి అవ్వ సెలవులకొచ్చిన మనవడిని చూడగానే ‘ఐగో, ఊరి కంగాజీ’ అంటుంది. ఊరి అంటే మన, కంగాజీ అంటే కుక్కపిల్ల. ‘నే సేక్కి’ అని కూడా అంటారు. సేక్కి అంటే జంతువు పిల్ల. అదే సేక్కిని రోడ్డు మీద ఇద్దరు మగవాళ్ళు కాలర్లు పట్టుకుని అంటే పచ్చి బూతు. అవ్వ నోట ముందు ‘ఐగో’ చేరి, అది పైస్థాయి నుంచి మెల్లగా జారుతూ సాగితే అంతకుమించిన ముద్దు లేదు. కొరియన్ రాని మన ప్రేక్షకులకు కూడా ఈ తేడా వెంటనే తెలిసిపోతుంది. నొప్పి ‘ఐగో’ పొట్టిగా, ఊపిరి బిగబట్టినట్టుగా వస్తుంది. ముద్దు ‘ఐగో’లో మొదటి ‘ఆ’ సాగుతుంది, ముఖం ముందుకొస్తుంది, చేతులు ఎదుటివాళ్ళ బుగ్గల మీదికో, వీపు మీదికో వెళ్తాయి.

మర్యాదకు అనేది ఇంకొకటి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు పళ్ళ బుట్ట చేతికిస్తే ఇల్లాలు ‘ఐగో, ఇవన్నీ ఎందుకండీ’ అనే అర్థం వచ్చే మాట అంటుంది. ఆఫీసులో ఎవరైనా మెచ్చుకుంటే పెద్దమనిషి చెయ్యి అడ్డంగా ఊపుతూ ‘ఐగో, అనింనిదా’ అంటాడు, అబ్బే అలాంటిదేమీ లేదండీ అని. ఇక్కడ బాధా లేదు, ఉలికిపాటూ లేదు. మీరిచ్చింది నా స్థాయికి మించిందని ఒప్పుకోవడం ఉంది. వంగి నమస్కరించే దేశంలో గొంతు కూడా వంగుతుందన్నమాట. డ్రామాల్లో వ్యాపారులు, ఇల్లు అద్దెకు చూపించే బ్రోకర్లు, వియ్యపురాళ్ళు మొదటిసారి కలిసే సన్నివేశాల్లో ఈ రకం వరసగా వినిపిస్తుంది. దాన్ని ‘అయ్యో’ అని తర్జుమా చేస్తే మన ప్రేక్షకుడు ఏం కొంప మునిగిందో అనుకుంటాడు.

చావు ఇంటి ‘ఐగో’ వీటన్నిటికన్నా పాతది, నియమం ఉన్నది. సంప్రదాయ కొరియన్ అంత్యక్రియల్లో శోకం పెట్టడాన్ని ‘గోక్’ అంటారు. అది ఎవరికి తోచినట్టు వాళ్ళు ఏడ్చే ఏడుపు కాదు. తల్లినో తండ్రినో పోగొట్టుకున్న బిడ్డలు ‘ఐగో, ఐగో’ అంటూ ఏడవాలి. పరామర్శకు వచ్చినవాళ్ళు, దూరపు బంధువులు ‘ఒయి, ఒయి’ అనాలి. బయట నిలబడి విన్నా లోపల ఏడుస్తున్నది బిడ్డలో, వచ్చినవాళ్ళో తెలిసేది. జోసన్ రాజుల కాలంలో గొప్ప ఇళ్ళ శవయాత్రల్లో ఏడ్వడానికే ‘గోక్బి’ అనే బానిస స్త్రీలు ఉండేవారు. ఇప్పుడు అంత్యక్రియలు ఎక్కువగా ఆసుపత్రుల్ని ఆనుకుని ఉండే మందిరాల్లో మూడు రోజుల పాటు జరుగుతాయి. నల్ల సూట్లు, చేతికి జనపనార పట్టీ, వచ్చినవాళ్ళకు వేడి వేడి సూప్ భోజనం. పద్ధతి ప్రకారం శోకాలు పెట్టడం బాగా తగ్గిపోయింది. కానీ ఫొటో ముందు ఒక్కసారిగా కూలబడ్డ మనిషి నోట మాత్రం ఇప్పటికీ ‘ఐగో’ వస్తుంది.

2015 చివర్లో మొదలై 2016 జనవరిలో ముగిసిన ‘రిప్లై 1988’ డ్రామాను ఈ మాట కోసమే మళ్ళీ చూడొచ్చు. సియోల్ శివార్లలోని సాంగ్‌మున్-దోంగ్ సందులో ఐదు కుటుంబాల కథ అది. కింది భాగంలో, సగం నేలలోకి దిగిన ఇంట్లో దొక్‌సన్ కుటుంబం, పైన ఇంటివాళ్ళ కుటుంబం. పై ఇంటి తండ్రికీ ఈ ఇంటర్ వయసు పిల్లకీ ఎదురుపడ్డప్పుడల్లా ఒక ఆట. ఆమె ‘ఐగో, కిమ్ సాజాంగ్!’ అంటుంది. ఆయన ‘ఐగో, సోంగ్ సాజాంగ్!’ అంటాడు. సాజాంగ్ అంటే కంపెనీ యజమాని. ఆ తర్వాత చేతులు ఊపుతూ, మిమ్మల్ని చూడటం ఎంత సంతోషమో అని ఇద్దరూ వంత పాడుకుంటారు. ఇది మర్యాద ‘ఐగో’నే. ఇద్దరు పెద్ద వ్యాపారులు హోటల్ లాబీలో తారసపడితే అనుకునే తరహా. దాన్ని ఒక నడివయసు మనిషీ, పక్కింటి ఆడపిల్లా ఇరుకు సందులో అనుకోవడంలోనే ఆ సరదా అంతా ఉంది. ఇంట్లో పెళ్ళాం, ఇద్దరు కొడుకులూ పట్టించుకోని ఆ తండ్రి హాస్యానికి జవాబిచ్చే మనిషి ఈ పిల్ల ఒక్కతే. ‘ఐగో’లోని మర్యాద స్వభావం తెలియకపోతే ఇది ఉత్త కేరింతలాగా కనబడి దాటిపోతుంది.

అదే డ్రామా రెండో ఎపిసోడ్‌లో దొక్‌సన్ నాన్నమ్మ చనిపోతుంది. పల్లెకు వెళ్ళిన పిల్లలకు అక్కడి తీరు అర్థం కాదు. నాన్న, అత్తలు వచ్చినవాళ్ళతో తాగుతూ, పేకాడుతూ, నవ్వుతూ ఉంటారు. తల్లి పోయిందన్న బాధే లేదా అని దొక్‌సన్‌కు కష్టం వేస్తుంది. రాత్రి అమెరికా నుంచి పెద్దన్న వచ్చి గుమ్మంలో నిలబడతాడు. అంతే, అంతవరకూ ఆపుకున్న ఏడుపు అందరికీ ఒకేసారి తన్నుకొస్తుంది. వచ్చినవాళ్ళకు ఏ లోటూ రానివ్వకూడదన్న మర్యాద ఒక గొంతు, తల్లి లేదన్న దుఃఖం ఇంకో గొంతు. రెండూ ఒకే మనుషులవి. చిన్నప్పుడు మనమూ కర్మల భోజనాల దగ్గర పెద్దవాళ్ళ నవ్వులు చూసి ఇలాగే తెల్లబోయి ఉంటాం.

‘దేబాక్’ వయసులో చిన్నది, స్వభావంలో పూర్తిగా వేరు. ‘దే’ అంటే పెద్ద. ‘బాక్’ ఏమిటన్న దగ్గర వాదన ఉంది. జూదంలో కొల్లగొట్టిన పందెం అంటారు కొందరు, పెద్ద ఓడ అంటారు ఇంకొందరు. జనానికి బాగా ఇష్టమైన వివరణ సొరకాయ. కొరియాలో ప్రతి పిల్లాడికీ తెలిసిన హుంగ్బు కథలో, పేదవాడైన తమ్ముడు కాలు విరిగిన పిచ్చుకలాంటి పిట్టకు కట్టు కడతాడు. వానకోవెల జాతికి చెందిన ఆ పిట్ట మరుసటి వసంతంలో సొర విత్తనం తెచ్చి ఇస్తుంది. కాసిన సొరకాయలు కోస్తే అందులోంచి బియ్యం, బంగారం, బట్టలు పొర్లుకొస్తాయి. అత్యాశ పడి కావాలని పిట్ట కాలు విరగ్గొట్టిన అన్నకు కాసిన కాయల్లోంచి దయ్యాలూ ఆపదలూ వస్తాయి. ఈ వివరణే సరైనదని భాషా పండితులు తేల్చలేదు. కానీ ‘దేబాక్’కు ఎదురుమాట ‘చోక్బాక్’ అని తెలిశాక నాకు దీని మీదే మనసు నిలిచింది. చోక్బాక్ అంటే బిచ్చగాడి చేతిలోని చిన్న సొరబుర్ర. వ్యాపారంలో దివాలా తీసినవాణ్ని ‘చోక్బాక్ కట్టుకున్నాడు’ అంటారు. పెద్ద బుర్ర పగిలితే పంట, చిన్న బుర్ర చేతికొస్తే అడుక్కోవడం.

ఇది మొదట నామవాచకం. సినిమా వసూళ్ళకూ, కొత్త కొట్టుకూ, లాటరీకీ వాడేవారు. కొత్తగా దుకాణం తెరిచినవాళ్ళకు ‘దేబాక్ నసెయో’ అని చెబుతారు, బ్రహ్మాండంగా నడవాలని. నవంబరులో జరిగే కాలేజీ ప్రవేశ పరీక్ష ‘సునుంగ్’ రోజున స్కూలు గేట్ల దగ్గర జూనియర్లు పట్టుకునే అట్టల మీద ‘సునుంగ్ దేబాక్’ అని రాసి ఉంటుంది. స్కూలు డ్రామాలు చూసేవాళ్ళకు ఈ దృశ్యం పరిచయమే. 2014 జనవరిలో అప్పటి అధ్యక్షురాలు పార్క్ గున్-హే కొత్త సంవత్సరం విలేకరుల సమావేశంలో ‘దేశాల ఏకీకరణ దేబాక్’ అన్నప్పుడు దేశమంతా ఆ మాట మీదే చర్చ నడిచింది. ఉత్తర, దక్షిణ కొరియాలు కలవడం లాంటి గంభీరమైన విషయానికి పందెం వాసన వేసే ఈ మాట తగునా అని చాలామంది నొచ్చుకున్నారు. ఆ అభ్యంతరం చూస్తే మాట రంగు తెలుస్తుంది. దేబాక్‌లో కష్టఫలం కన్నా అదృష్టం పాలు ఎక్కువ. 2021లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు ఒకేసారి చేర్చుకున్న 26 కొరియన్ మూలం మాటల్లో ఇది కూడా ఉంది.

అయితే కుర్రవాళ్ళ నోట ఇది ఉత్త ‘సూపర్’ కాదు. ఇక్కడే మన అభిమానులు పొరబడుతుంటారు. స్నేహితురాలికి ఉద్యోగం వచ్చిందంటే ‘దేబాక్!’ అంటారు, నిజమే. ఆమె ప్రియుడు రెండేళ్ళుగా ఇంకో అమ్మాయితో కూడా తిరుగుతున్నాడని బయటపడినా ‘దే…బాక్’ అనే అంటారు. మొదటిదానిలో రెండు అక్షరాలూ టపటపా పడతాయి, చివరి ‘క్’ గొంతులోనే ఆగిపోతుంది. రెండోదానిలో ‘దే’ సాగుతుంది, గొంతు తగ్గుతుంది, కళ్ళు పెద్దవవుతాయి. అంటే ఇది మంచిచెడులను చెప్పదు, పరిమాణాన్ని చెబుతుంది. ‘ఇంత పెద్ద విషయమా’ అనడమే దాని పని. ఏదో కబురు మోసుకొచ్చిన సహోద్యోగి కుర్చీ దగ్గరికి లాక్కుని ‘దేబాక్ సాగొన్’ అని మొదలుపెడుతుంది. సాగొన్ అంటే సంఘటన, కేసు. ఆ రెండు మాటలు విన్నాక చుట్టుపక్కల ఎవరూ పనిచేయరు.

మాటకు ‘ఇయేయో’ చేర్చి ‘దేబాగియేయో’ అంటే కాస్త మర్యాద కూడా వస్తుంది కాబట్టి చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ దగ్గర అలా గట్టెక్కుతారు. ‘హొల్’కు ఆ వీలు లేదు.

‘హొల్’లో అచ్చు మన ‘అ’కూ ‘ఒ’కూ మధ్యది. చివరి ‘ల్’ నాలుక పైకి అంటుకుని అక్కడే ఉండిపోతుంది. ఎత్తూ పల్లమూ లేకుండా చదునుగా పడుతుంది. ఊపిరి లోపలికి తీసుకోబోయి మరిచిపోయినట్టు ఉంటుంది ఆ చప్పుడు. ఇంటర్నెట్ చాటింగులతో పెరిగిన స్కూలు పిల్లల మాట ఇది. ఫోన్లో రాసేటప్పుడు రెండు హల్లులు మాత్రం కొట్టి ఊరుకుంటారు. టీవీ వినోద కార్యక్రమాల్లో ఎవరైనా తెల్లబోతే తెర మీద ఈ ఒక్క అక్షరం పెద్దగా వచ్చి పడుతుంది. కొరియన్ లిపిలో నిజంగానే అది ఒకే అక్షరం.

ఇందులో ఉన్న భావానికి కొరియన్‌లో మంచి పాత పేర్లే ఉన్నాయి. ఒకటి ‘గి మఖిదా’. గి అంటే ప్రాణశక్తి, అది అడ్డుపడి ఆగిపోయిందని. ఇంకొకటి ‘ఒయి ఒప్తా’, ఒయి లేదని. ఒయి అంటే ఏమిటో 2015లో వచ్చిన ‘వెటరన్’ సినిమాలో యు ఆ-ఇన్ వేసిన కోటీశ్వరుడి కొడుకు పాత్ర చల్లగా వివరిస్తుంది. తిరగలి పిడిని ఒయి అంటారట, గింజలు పోసి తిప్పబోతే పిడి ఊడిపోయి ఉంటే మనిషికెలా ఉంటుందో అదే ‘ఒయి ఒప్తా’ అట. సినిమా విపరీతంగా ఆడటంతో ఈ కథ దేశమంతా పాకిపోయింది. పండితులు ఒప్పుకోలేదు, తిరగలి పిడికి నిఘంటువులో ఉన్న పేరు వేరు. వ్యుత్పత్తిగా నిలబడకపోయినా భావాన్ని మాత్రం ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. చెయ్యి గాలిలో ఉంది, పట్టుకోవాల్సింది అక్కడ లేదు. ‘హొల్’ అదే.

కాబట్టి హొల్‌లో ఆశ్చర్యంతోపాటు చిన్న అసమ్మతి కూడా ఉంటుంది. ఇలా ఎలా చేస్తారు, ఇలా ఎలా జరుగుతుంది అన్న ఎదురుప్రశ్న ఉంటుంది. అప్పు తీసుకున్నవాడే మళ్ళీ దబాయిస్తే హొల్. పరీక్ష రేపే అని ఈ రాత్రి తెలిస్తే హొల్. గొప్ప సంతోషానికి ఒంటరిగా ఇది సరిపోదు, అప్పుడు ‘హొల్, దేబాక్’ అని జంటగా వస్తుంది. మొదటిది నోరు మూతపడటం, రెండోది తెరుచుకోవడం.

ఒక ఇంట్లో ఒకే కబురు పడినప్పుడు ఈ మాటలు ఎలా పంచుకుంటారో ఊహించి చూద్దాం. ఏ కుటుంబ డ్రామాలోనైనా ఇలాంటి సన్నివేశం దొరుకుతుంది. రాత్రి భోజనాల దగ్గర పెద్ద కూతురు నోరు విప్పుతుంది. ఉద్యోగం మానేసి మూడు నెలలైంది, రోజూ పొద్దున్నే బయల్దేరి వెళ్తున్నది లైబ్రరీకి. అవ్వ ముందుగా ‘ఐగో…’ అంటుంది, వెలుతురు అచ్చులతో, నెమ్మదిగా, ఈ మూడు నెలలూ పిల్ల ఒక్కతే ఎంత నలిగిపోయిందో అని. తల్లి ‘ఒయిగు’ అంటుంది, చెంచా కింద పెట్టి. ఒక్క క్షణం ఆగి, బంధువుల్లో ఎవరెవరికి ఏమని చెప్పుకోవాలో గుర్తొచ్చి ‘ఐగో నే పల్జాయా’లోకి వెళ్తుంది. అన్నం గిన్నె మీంచి తల ఎత్తకుండానే హైస్కూలు చదివే చెల్లెలు ‘హొల్’ అంటుంది. ఆ మాటలో ఒక ఫిర్యాదు ఉంది, ఇన్నాళ్ళూ పక్కనే పడుకున్న నాకు కూడా చెప్పలేదా అని. బల్ల కింద ఫోన్లో స్నేహితురాలికి మాత్రం ‘దేబాక్ సాగొన్’ అని కొడుతుంది. కిమ్చి డబ్బా తిరిగివ్వడానికి అప్పుడే వచ్చిన పక్కింటావిడ గుమ్మంలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ‘ఒమొ’ అంటుంది. అది ఎక్కువగా ఆడవాళ్ళ మాట, అనుకోనిది కంటపడినప్పుడు వచ్చేది, మన ‘అమ్మో’కు చెవికి దగ్గరగా ఉండేది. తండ్రి ‘హొ’ అని ఊపిరి వదిలి ఊరుకుంటాడు. సబ్‌టైటిల్‌లో ఇదంతా రెండు ‘అయ్యో’లూ ఒక ‘ఏంటీ’గా మిగలొచ్చు. వరస చూస్తే మాత్రం ఆ ఇంట్లో రేపు ఎవరు ఎవరి పక్షాన ఉంటారో ఇప్పుడే తెలిసిపోయింది.

ఇందులో ఎవరి మాట ఇంకొకరు అన్నా సన్నివేశం చెడిపోతుంది. అవ్వ హొల్ అంటే హాస్యమవుతుంది, రచయితలు కావాలనే అలా అనిపించి నవ్విస్తుంటారు. చెల్లెలు తండ్రి మొహం మీద హొల్ అంటే మర్యాద తప్పినట్టు. చావు కబురుకు దేబాక్, హొల్ రెండూ పనికిరావు, మాట తేలికైపోతుంది. చారిత్రక డ్రామాల్లో రాజమాత కూడా ‘ఐగో’ అనవచ్చు కానీ ఈ రెండూ వినపడవు. ఇప్పటి మనిషి వెనకటి కాలానికి వెళ్ళే కథలైతే వేరు. 2020 డిసెంబరులో మొదలైన ‘మిస్టర్ క్వీన్’లో నేటి వంటవాడి ఆత్మ జోసన్ రాణి శరీరంలో చేరుతుంది. రాణి నోట ఈనాటి కుర్రాడి మాటలు వచ్చినప్పుడల్లా చెలికత్తెల ముఖాలు పాలిపోతాయి. ఆ డ్రామాలో సగం హాస్యం అక్కడిదే.

కొరియన్ నేర్చుకుంటున్న మన పిల్లలకు కూడా ఇబ్బంది వచ్చేది ఈ వయసు లెక్క దగ్గరే. డ్రామాలో ఎక్కువసార్లు వినపడింది కదా అని ఇరవయ్యేళ్ళ అమ్మాయి ప్రతిదానికీ ‘ఐగూ’ అంటే కొరియన్ స్నేహితులు ముసలమ్మలా మాట్లాడుతున్నావని నవ్వుతారు. దానిలో తప్పు లేదు, నవ్వుతో పోతుంది. ఇంటర్వ్యూలో కొరియన్ మేనేజరు చెప్పిన విషయానికి ‘హొల్’ అనడం మాత్రం నవ్వుతో పోదు. సందేహం ఉన్నచోట ‘చించాయో?’ అనడం క్షేమం, నిజమా అండీ అని. దాని చివర మర్యాద ప్రత్యయం ఉంది.

తెలుగులోకి డబ్బింగు చేసేవాళ్ళ కష్టం కూడా ఇక్కడే. మన ‘అయ్యో’ బాధకూ జాలికీ బాగా అమరుతుంది, సంతోషానికి అమరదు. మనవడిని చూసిన అవ్వకు ‘ఓరి నా బంగారం’ కావాలి. బహుమతి అందుకున్న ఇల్లాలికి ‘అబ్బే, ఎందుకండీ ఇవన్నీ’ కావాలి. తాగొచ్చిన కొడుకు మీది ‘ఒయిగు’కు ‘ఆహా, వచ్చాడండీ’ కావాలి. హొల్‌కు విజయవాడ కుర్రాడు ఒకటంటాడు, వరంగల్ కుర్రాడు ఇంకొకటంటాడు. పెదవుల కదలికకు సరిపోవాలి కాబట్టి ఒక అక్షరానికి మూడు మాటలు పట్టించడం కుదరదు. మంచి డబ్బింగు కళాకారులు ఇలాంటి చోట మాట వెతకడం మానేసి ఊపిరితో పని కానిస్తారు. ‘ఆఁ’ అనో ‘హుఁ’ అనో ఒక చప్పుడు చేసి వదిలేస్తారు. చాలాసార్లు అదే సరిగ్గా కుదురుతుంది.